మేత పోరంబోకు హద్దుల మీద జీపీఎస్ పాయింట్లు: కుర్రోళ్ళ చేతికిచ్చే ఒక పేజీ

ప్రశ్న: అన్నా, మాది ఉదయగిరి వైపు చిన్న ఊరు. ఊరి మేత పోరంబోకుకు జీపీఎస్‌తో మ్యాపు గీద్దామని పంచాయతీలో అనుకున్నాం. పన్నెండు మంది కుర్రోళ్ళు వస్తామన్నారు. అందరి దగ్గరా ఫోన్లే, వేరే యంత్రాలేమీ లేవు. వాళ్ళ చేతికి ఇవ్వడానికి ఒక పేజీ సూచనలు కావాలి. ఏమేం రాయమంటారు?

సమాధానం:

ఒక పేజీయే మంచిది. అంతకు మించితే ఎండలో ఎవరూ చదవరు. ఆ పేజీ కింద రాసి ఇస్తాను. కానీ దానికంటే ముందు, ఈ పని నడిపించే మీరు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. ఫోనుకు హద్దు తెలియదు. దాన్ని పట్టుకున్న మనిషి ఎక్కడ నిలబడ్డాడో అదొక్కటే దానికి తెలుసు. హద్దు చెప్పగలిగినవి మూడు: భూమిలో పాతిన సర్వే రాయి, ఆ సర్వే నంబరు కొలతలు గీసి ఉండే ఎఫ్‌ఎంబీ నకలు, ఆ బీడులో ముప్పై నలభై ఏళ్ళు గొర్రెలు కాసిన పెద్దాయన. ఈ మూడూ లేకుండా పన్నెండు ఫోన్లు తిరిగినా మీకు వచ్చేది వాళ్ళు నడిచిన దారి, అంతే.

ఇంకొకటి. మీ బీడుకు ఉండేది ఒక గీత కాదు, రెండు. పాత సర్వేలో రాళ్ళు పాతి ఎఫ్‌ఎంబీలో గీసినది రికార్డు గీత. ఇవాళ గొడ్లూ గొర్రెలూ నిజంగా ఎంతవరకు పోయి మేస్తున్నాయో అది మేత గీత. కొన్ని పక్కల రెండూ ఒకటిగానే ఉంటాయి. జామాయిల్ తోట ముందుకు జరిగిన చోట, ఎవరైనా కంప నాటుకున్న చోట, చిల్లచెట్లు అల్లుకుపోయి గొర్రె కూడా దూరలేని చోట అవి విడిపోతాయి. ‘హద్దు మీద పాయింట్లు తీసుకురాండి’ అని మాత్రమే చెప్పి పంపితే ఒక జట్టు రాయి దగ్గర నిలబడుతుంది, ఇంకో జట్టు కంచె దగ్గర నిలబడుతుంది. సాయంత్రానికి రెండూ కలిసి మ్యాపులో ఒకే గీత అవుతాయి. అది రికార్డుకూ సరిపోదు, మేతకూ సరిపోదు.

ఇది నాకు తెలిసింది ఒక తగాదా వల్ల. ఉదయగిరి కొండకు తూర్పున ఒక ఊళ్ళో, రికార్డు ప్రకారం 38 ఎకరాల 40 సెంట్ల మేత పోరంబోకు. రెండు జట్లు కలిసి తొమ్మిది పాయింట్లు తెచ్చాయి. కంప్యూటర్లో గీస్తే 31 ఎకరాల 20 సెంట్లు వచ్చింది. రాత్రికల్లా ‘ఏడెకరాలు ఆక్రమించారు’ అని ఊరి వాట్సాప్ గ్రూపులో పడింది. తెల్లారేసరికి తూర్పు పక్కన రెండెకరాల మెట్ట ఉన్న రైతు పాసుపుస్తకం పట్టుకుని వచ్చాడు. మ్యాపులో బీడు మూల తెగిపోయి కనిపించేది ఆయన చేను పక్కనే. ‘నేను ఎవరిది కలుపుకున్నానో చూపించండి’ అన్నాడు. చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు. అప్పుడు కూర్చుని ఒక్కో పాయింటూ తీసి చూశాం.

నాలుగో పాయింటు, అయిదో పాయింటు చివరి అంకె వరకూ ఒకటే ఉన్నాయి. రెండు వేరు రాళ్ళ దగ్గర తీసినవి అలా ఉండవు. ఒకే చోట కదలకుండా నిలబడి రెండుసార్లు తీసినా చివరి అంకెలు కాస్త మారతాయి. ఆ అబ్బాయి నాలుగో రాయి దగ్గర పాయింటు తీసి ఫోను జేబులో పెట్టుకున్నాడు. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంది. అయిదో రాయి దగ్గర ఫోను బయటికి తీసి వెంటనే నొక్కాడు. ఫోను పాత చోటునే మళ్ళీ ఇచ్చింది. ఎఫ్‌ఎంబీ చూస్తే నాలుగో రాయికీ అయిదో రాయికీ మధ్య 850 అని ఉంది. అది లింకుల లెక్క. వంద లింకుల గొలుసు 66 అడుగులు, అంటే లింకు 20 సెంటీమీటర్లకు ఒక పిసరు ఎక్కువ. 850 లింకులంటే 171 మీటర్లు. అయిదో రాయి నుంచి ఆరో రాయికి 120 మీటర్లు, అక్కడ మూల దాదాపు లంబకోణం. అయిదో రాయి లేకపోవడంతో మ్యాపులో నాలుగు నుంచి ఆరుకు అడ్డగీత పడింది. పోయిన త్రికోణం 171ని 120తో గుణించి సగం చేస్తే 10,260 చదరపు మీటర్లు, రెండున్నర ఎకరాలు. ఆ రైతు చేను ఆ మూల పక్కన ఉంది, ఆయన చేసింది ఏమీ లేదు.

మిగిలిన తేడా దక్షిణం పక్కది. ఆ పక్క జట్టు జామాయిల్ తోట అంచున నిలబడి పాయింట్లు తీసింది. మేత అక్కడితో ఆగిపోతుంది కాబట్టి అదే హద్దు అనుకున్నారు. ముసలాయన ఒకాయన్ను వెంటబెట్టుకుని మళ్ళీ వెళితే, తోట లోపలికి 60 మీటర్ల దూరంలో రాళ్ళు దొరికాయి. పొడవు 330 మీటర్లు. అంటే 19,800 చదరపు మీటర్లు, అయిదెకరాలకు పది సెంట్లు తక్కువ. 31.2కు ఆ రెండున్నర, ఈ 4.9 కలిపితే 38.6 వచ్చింది. రికార్డుతో తేడా ఇరవై సెంట్లు. ఫోనుతో అంతకన్నా దగ్గరికి రావడం కష్టం. ప్రతి పాయింటు పక్కన ‘కాళ్ళ కింద ఏముంది’ అని ఒక్క మాట రాసి ఉంటే ఆ రైతు ఇంట్లో ఆ రాత్రి ఎవరూ నిద్ర పోగొట్టుకునే పని ఉండేది కాదు. అందుకే నేనిచ్చే పేజీలో అదే ముఖ్యం.

పేజీ మీద ఇలా రాయండి. ఉన్నది ఉన్నట్టు వాడుకోవచ్చు.

«బీడు ఎప్పుడూ మీ కుడిచేతి వైపు ఉండాలి, గుడికి ప్రదక్షిణ చేసినట్టు. ఏ రాయి దగ్గర మొదలుపెట్టారో చివరికి ఆ రాయి దగ్గరికే వచ్చి అక్కడ ఇంకోసారి పాయింటు తీయండి. నంబర్లు నడిచిన వరసలోనే వేయండి. ఒకటి మర్చిపోయి వెనక్కి వెళితే కొత్త నంబరు వేసి, ఏ రెండింటి మధ్యదో రాయండి.

లొకేషన్ ఆన్ చేయండి, బ్యాటరీ సేవర్ ఆపండి. బీడు దగ్గరికి వెళ్ళాక ఆకాశం బాగా కనిపించే చోట యాప్ తెరిచి మూడు నిమిషాలు ఆగండి. సిగ్నల్ లేకపోయినా, డేటా అయిపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, కాస్త ఆలస్యంగా అందుకుంటుంది.

ఒక పాయింటు నుంచి ఇంకో పాయింటుకు వెళ్ళేటప్పుడు యాప్ తెరిచే ఉంచి ఫోను చేతిలో పట్టుకోండి. పాయింటు దగ్గర కదలకుండా నిలబడండి. అక్యురసీ 5 మీటర్లకు గానీ ఇంకా తక్కువకు గానీ దిగాక ఒక నిమిషం ఆగి సేవ్ చేయండి. అయిదు నిమిషాలు చూసినా దిగకపోతే ఎంత చూపిస్తే అంతే రాయండి.

సేవ్ చేసే ముందు కాళ్ళ కింద చూడండి. సర్వే రాయి ఉంటే ‘రా’, గట్టు మూల అయితే ‘గ’, వాగు ఒడ్డు అయితే ‘వా’, కంచె అయితే ‘కం’, ఏ గుర్తూ లేకుండా పెద్దాయన చూపించిన చోటైతే ‘పె’. పాయింటు నంబరు, ఆ అక్షరం, టైము, అక్యురసీ నోటుపుస్తకంలో రాయండి. రెండు ఫొటోలు తీయండి: కాళ్ళ కింద ఉన్నది ఒకటి, తర్వాతి పాయింటు వైపు చూస్తూ ఒకటి.

తిన్నగా ఉన్న గట్టుకు మూలల్లో పాయింట్లు చాలు. వాగు వెంట ప్రతి మలుపులో ఒకటి, మలుపు లేకపోయినా ముప్పై అంగలకు ఒకటి తీయండి. ఒడ్డు మీద నిలబడండి, ఇసుకలోకి దిగవద్దు.

చిల్లకంపలోకి దూరవద్దు, నూతి దగ్గరికి పోవద్దు, అడగకుండా ఎవరి చేనూ తొక్కవద్దు. ఎవరైనా అడ్డు చెబితే వాదించకుండా ‘వద్దన్నారు’ అని రాసుకుని తర్వాతి పాయింటుకు వెళ్ళండి.»

పేజీ ఇంతే. ఇక మీరు చూసుకోవలసినవి.

పన్నెండు మందిని తలా ఒక పక్కకు పంపవద్దు. నలుగురి చొప్పున మూడు జట్లు చేయండి. ఒకరికి ఫోను, ఒకరికి నోటుపుస్తకం, ఒకరికి టేపు, ఒకరు పెద్దాయనకు తోడు. రెండు జట్లు రికార్డు గీత మీదే నడవాలి, పూర్తి చుట్టు, ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం. మూడో జట్టు గొర్రెల కాపరితో కలిసి మేత గీత నడవాలి. వాళ్ళు తీసే పాయింట్లన్నింటికీ ‘మే’ అని గుర్తు, నంబర్లు కూడా వేరే వరస. ఒకే రాయి దగ్గర ఒకే అబ్బాయి పది నిమిషాలు నిలబడి సగటు తీయడం కన్నా, అదే రాయి దగ్గరికి కొన్ని గంటల తర్వాత ఇంకొకరు వచ్చి తీయడం మేలు. ఆ పది నిమిషాల్లో ఉపగ్రహాలు అక్కడక్కడే ఉంటాయి, తప్పు కూడా ఒకవైపే లాగుతూ ఉంటుంది. సాయంత్రానికి ఉపగ్రహాలు చోటు మారతాయి, తప్పు కూడా మారుతుంది. రెండు చుట్లలో ఒకే రాయి నాలుగైదు మీటర్ల తేడాలో వస్తే ఆ పాయింటు నిలుస్తుంది. పది మీటర్లు దాటితే మర్నాడు మళ్ళీ తీయాలి.

అక్యురసీ 4 మీటర్లు అని చూపిస్తే మనం ఆ నాలుగు మీటర్ల లోపలే ఉన్నట్టు కాదు. ఆండ్రాయిడ్‌లో ఆ అంకెకు అర్థం, మూడింట రెండొంతులసార్లు అసలు చోటు ఆ వలయంలో ఉంటుందని. మిగిలిన ఒక వంతుసార్లు దానికి అవతల ఉంటుంది. దీని వల్ల మీ మ్యాపు ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో ముందే తెలుసుకోవాలి. 400 మీటర్ల పొడవున్న గట్టు మ్యాపులో 4 మీటర్లు అటు జరిగిందనుకోండి, 1,600 చదరపు మీటర్లు, అంటే 40 సెంట్లు తేడా వస్తుంది. కాబట్టి పక్క రైతు గట్టు మీదికి రెండు సాళ్ళు దున్నాడా లేదా అన్నది ఫోనుతో తేల్చలేరు, తేల్చామని ఎవరితోనూ అనకూడదు. 60 మీటర్లు లోపలికి వచ్చిన తోటను మాత్రం ఎవరూ కాదనలేనంత స్పష్టంగా చూపించగలరు. ఊళ్ళో మ్యాపు చూపించేటప్పుడు ఈ మాట ముందే చెప్పండి.

రాయి చిల్లకంప మధ్యలో ఉండిపోతే, దానికి దగ్గరలో ఖాళీ చోట నిలబడి పాయింటు తీసి, టేపుతో దూరం కొలిచి, ఫోనులోని దిక్సూచి చూసి ‘ఇక్కడి నుంచి ఉత్తరానికి 12 మీటర్లలో రాయి’ అని రాసుకుంటే చాలు. గుర్తు ‘రా’యే, పక్కన దూరం, దిక్కు. దిక్సూచిని ఇనుప కంచెకు ఆనుకుని చూడవద్దు, ముల్లు పక్కకు పోతుంది.

ఎఫ్‌ఎంబీ నకలు లేకుండా మొదలుపెట్టవద్దు. సచివాలయంలో గ్రామ సర్వేయర్‌ను అడగండి. బీడు ఒకటే అనిపించినా సర్వే నంబర్లు రెండు మూడు ఉండవచ్చు, ఒక్కోదానికి ఒక్కో ఎఫ్‌ఎంబీ ఉంటుంది. వాటి మధ్యలో వాగు పోరంబోకు వేరే నంబరుగా ఉండవచ్చు, దాన్ని మేత పోరంబోకులో కలిపి కొలిస్తే విస్తీర్ణం ఎక్కువ వచ్చి కంగారు పడతారు. అడంగల్‌లో ఆ నంబరు ఎదురుగా మేత పోరంబోకు అనే ఉందా, అనాధీనం అని ఉందా కూడా చూసుకోండి. ఊరంతా మందబయలు అని పిలిచే నేల రికార్డులో ఇంకో పేరుతో ఉండటం నేను చూశాను. రీసర్వే పూర్తయిన ఊరైతే సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం, అంటే ల్యాండ్ పార్సెల్ మ్యాపు, నంబరు ఉంటుంది. ఆ కొలతలు డ్రోన్లతో, రోవర్లనే సర్వే జీపీఎస్ యంత్రాలతో తీసినవి, మీ ఫోను కన్నా ఎన్నో రెట్లు కచ్చితం. అలాంటి ఊళ్ళో రికార్డు గీత కోసం కష్టపడకుండా మేత గీత ఒక్కటే నడవండి, రికార్డు గీత ఎల్‌పీఎం నుంచి తెచ్చుకోండి.

ఎఫ్‌ఎంబీ మీద ఉన్న అంకెలు లింకులా మీటర్లా అన్నది బయలుదేరే ముందే సర్వేయర్‌ను అడిగి నకలు పైన పెద్దగా రాసుకోండి. 850ని అడుగులనుకుంటే రాయి కోసం 259 మీటర్ల దూరంలో వెతుకుతారు. అసలు రాయి 171 మీటర్ల దగ్గరే గడ్డిలో ఉంటుంది. ఆ ఊళ్ళో ఒక జట్టు అలాగే ఒక పూటంతా పోగొట్టుకుంది. గడ్డి గురించి కూడా ఒక మాట: మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. సంక్రాంతి నాటికి బీడులో గడ్డి మోకాలి ఎత్తున ఉండి రాళ్ళు కనిపించవు. గడ్డి ఎండిపోయి, గొర్రెలు మేసేసిన ఏప్రిల్ నెలలో పని పెట్టుకోండి. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పది లోపు ఆపేయండి, సాయంత్రం చుట్టు నాలుగు దాటాక.

యాప్ ఏదైనా ఫరవాలేదు, అందరిదీ ఒకటే ఉండాలి. ఫారం తయారుచేసి పెట్టగల వాళ్ళు ఎవరైనా ఉంటే KoboCollect మంచిది, నెట్ లేకుండా పనిచేస్తుంది, ‘కాళ్ళ కింద ఏముంది’ అన్న ప్రశ్నకు జవాబివ్వకపోతే ముందుకు కదలకుండా పెట్టుకోవచ్చు. అంకెలు డెసిమల్ డిగ్రీల్లో ఉండేలా అందరి ఫోన్లూ ముందే సరిచూడండి. చుక్క తర్వాత కనీసం అయిదు అంకెలు రాయాలి. నాలుగో అంకెలో ఒకటి తేడా అంటే నేల మీద 11 మీటర్లు, అయిదో అంకెలో అయితే మీటరుకు కాస్త ఎక్కువ. మీ వైపు అక్షాంశం 14తో, రేఖాంశం 79తో మొదలవుతుంది. నోటుపుస్తకంలో అవి తారుమారైతే అక్కడే పట్టుకోవచ్చు.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే వాటిలో దాగి ఉన్న లొకేషన్ పోతుంది. డాక్యుమెంటుగా పంపమనండి, లేదా కేబుల్‌తో ఫోను నుంచి నేరుగా దింపుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి పంపినవి తీసుకోవద్దు. ఆ పిన్ వేలు ఆనిన చోటు, కాళ్ళు ఆనిన చోటు కాదు.

పాయింట్లు తీసిన రోజే సాయంత్రం కూర్చుని గీయండి, అబ్బాయిలకు అన్నీ గుర్తుండగానే. QGIS అనే ఉచిత మ్యాపు ప్రోగ్రాంలో పాయింట్లు వేసి, నంబర్ల వరసలో కలిపి బహుభుజి చేసి, మన జోన్‌లోకి మార్చి విస్తీర్ణం ఎకరాల్లో చూడండి:

```
EPSG:32644
$area / 4046.86
```

మొదటిది జోన్ కోడు, రెండోది ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో వేసే లెక్క. విస్తీర్ణం చూసే ముందు మూడు చూడండి. గీత ఎక్కడైనా తనను తాను దాటుతోందా? దాటితే వరస తప్పింది, ఆ చోట విస్తీర్ణం కూడాల్సింది పోయి తీసివేతలోకి పోతుంది. మొదటి పాయింటూ, చివర్లో అదే రాయి దగ్గర తీసినదీ ఎంత దూరంలో ఉన్నాయి? పది మీటర్లు దాటితే ఆ చుట్టులో ఎక్కడో ఫోను సరిగా పనిచేయలేదు. రాయికీ రాయికీ మధ్య దూరం ఎఫ్‌ఎంబీలో ఉన్నదానితో కలుస్తోందా? ‘రా’ గుర్తున్న జంటలన్నీ తీసుకుని ఒక్కొక్కటే చూడండి. 171కి 175 వచ్చినా, 167 వచ్చినా సరే. సున్నా వచ్చినా, 230 వచ్చినా ఆ రెండింటిలో ఒకటి తప్పు. రాయి తర్వాత కాలంలో ఎవరైనా జరిపి ఉంటే కూడా ఇక్కడే తెలుస్తుంది: రెండు చుట్లలోనూ పాయింటు ఒకచోటే పడుతుంది, కానీ అటు రాయికీ ఇటు రాయికీ దూరాలు ఎఫ్‌ఎంబీతో కలవవు. అలాంటిది కనిపిస్తే మీరు తీర్పు చెప్పకుండా ఆ పాయింటు పక్కన ప్రశ్న గుర్తు పెట్టి సర్వేయర్‌కు వదిలేయండి.

మ్యాపులో రికార్డు గీత ఒక రంగు, మేత గీత ఇంకో రంగు. ‘పె’ గుర్తున్న పాయింట్లను కలిపే గీత చుక్కల గీతగా వేయండి, అది మాట మీద నిలిచిన హద్దు అని చూసినవాళ్ళకు తెలియాలి. రెండు రంగుల మధ్య మిగిలిన నేల మీద ఎవరి పేరూ రాయకండి, ‘జామాయిల్’, ‘కంది’, ‘చిల్లచెట్లు’ అని అక్కడ కనిపించేది మాత్రమే రాయండి. చిల్లచెట్లున్న నేలను ఆక్రమణ లెక్కలో కలపవద్దు, అది ఎవరూ తీసుకున్నది కాదు, మేతకు పనికిరాకుండా పోయినది. చెట్లు వేళ్ళతో సహా తీసేస్తే ఆ నేల మేతకు తిరిగి వస్తుంది.

ఈ మ్యాపుతో హద్దు ఖాయం కాదు. ఆ పని సర్వే శాఖది. పంచాయతీ తరఫున కొలత కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు దీన్ని, నోటుపుస్తకం నకలుతో సహా, జతచేయండి. సర్వేయర్ వచ్చిన రోజు ఏ రాయి దొరుకుతుందో, ఏది దొరకదో, ఏది కంపలో ఉందో ఆయన చేతిలో ముందే ఉంటే, రోజంతా పట్టే వెతుకులాట తప్పుతుంది. నడవడానికి ఒకరోజు ముందు చుట్టుపక్కల రైతులందరికీ, అందరికన్నా ముందు జామాయిల్ వేసిన ఆయనకు, మీరే ఇంటికి వెళ్ళి చెప్పండి. రాదలుచుకుంటే వెంట రమ్మనండి. ఆయన చూపించిన చోటు కూడా ఒక పాయింటే, దానికి ‘పె’ అని కాకుండా వేరే అక్షరం పెట్టుకుని రాసుకోండి.